వైర్‌లెస్ ప్యాడ్ మీద ఫోను వేడెక్కి ఛార్జింగ్ ఆగిపోతుంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయనగరం గంటస్తంభానికి దగ్గర్లో మాకు ఫోన్లు బాగుచేసే దుకాణం ఉంది. ఎండలు మొదలైతే చాలు, వైర్‌లెస్ ఛార్జింగ్ ప్యాడ్‌ను సంచిలో వేసుకుని వచ్చేవారు పెరుగుతారు. "ఫోను కాలిపోతోంది, ఛార్జింగ్ ఆగి ఆగి ఎక్కుతోంది. ప్యాడ్ పాడైందా, బ్యాటరీ పాడైందా?" అన్నదే అందరి ప్రశ్న. వారిలో ఎక్కువమందికి ఆ రెండింటిలో ఏదీ పాడై ఉండదు. ఫోను పెట్టిన చోటు సరిగా లేకపోవడమో, పౌచ్ మందంగా ఉండడమో, మధ్యలో ఏదో లోహపు ముక్క చేరడమో జరిగి ఉంటుంది. కొత్త ప్యాడ్‌కు డబ్బు పెట్టకముందే దీన్ని ఇంట్లో తేల్చుకోవచ్చు. మా కౌంటర్ దగ్గర రోజూ వినే ప్రశ్నలనే ఇక్కడ రాశాను.

ప్యాడ్ మీద పెడితే ఫోను వేడెక్కడం మామూలేనా? ఎంత వరకు ఫరవాలేదు?

గోరువెచ్చగా కావడం మామూలే. వైరుతో ఛార్జ్ చేసినప్పటి కంటే ప్యాడ్ మీద వేడి ఎక్కువే ఉంటుంది. బ్యాటరీ ఉష్ణోగ్రత 35 నుంచి 40 డిగ్రీల మధ్య ఉంటే కంగారు అక్కర్లేదు. దాదాపు 45 డిగ్రీలకు చేరేసరికి చాలా ఫోన్లు ఛార్జింగ్ వేగాన్ని బాగా తగ్గిస్తాయి, లేదా పూర్తిగా ఆపేస్తాయి. వేడిగా ఉన్న లిథియం బ్యాటరీలోకి కరెంటు ఎక్కిస్తే దాని ఆయుష్షు తగ్గుతుంది కాబట్టి తయారీదారులే అలా అమర్చారు. చల్లబడగానే మళ్లీ ఎక్కించడం మొదలుపెడుతుంది. మీరు చూస్తున్న "ఆగి ఆగి ఎక్కడం" చాలాసార్లు ఇదే.

చేతి అంచనా ఒకటి చెబుతాను. ఫోను వెనక భాగాన్ని అరచేతిలో పెట్టుకుని హాయిగా పట్టుకోగలిగితే సరే. పట్టుకున్న కాసేపటికే చేయి మార్చుకోవాలనిపిస్తే ఎక్కడో పొరపాటు ఉంది.

ఆ వేడి అసలు ఎక్కడి నుంచి వస్తుంది?

ప్యాడ్ లోపల రాగి తీగను చక్రంలా చుట్టిన చుట్ట ఒకటి ఉంటుంది. ఫోను వీపు లోపల అలాంటిదే ఇంకొకటి ఉంటుంది. ప్యాడ్ తన చుట్టలో కరెంటు దిశను సెకనుకు లక్షసార్లకు పైగా మారుస్తుంది. దానివల్ల పుట్టిన అయస్కాంత క్షేత్రం ఫోనులోని చుట్టలో కరెంటును పుట్టిస్తుంది. 1831లో ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ ఇది. పదో తరగతి పాఠంలో మనమంతా చదువుకున్నదే.

రెండు చుట్టలూ ఒకదాని మీద ఒకటి, దగ్గరగా ఉన్నప్పుడు ప్యాడ్ పంపిన శక్తిలో ఎక్కువ భాగం ఫోనుకు అందుతుంది. పక్కకు జరిగినా, మధ్య దూరం పెరిగినా అందేది తగ్గుతుంది. వేడి కథ ఇక్కడే మొదలవుతుంది. ఫోను, ప్యాడ్ ఊరికే పక్కపక్కన ఉండవు. ఛార్జింగ్ జరుగుతున్నంతసేపూ ఫోను తనకు ఎంత అందుతోందో, ఇంకా ఎంత కావాలో ప్యాడ్‌కు చెబుతూనే ఉంటుంది. తక్కువ అందితే "పెంచు" అంటుంది. ప్యాడ్ తన చుట్టలో కరెంటు పెంచుతుంది. తీగలో కరెంటు రెట్టింపైతే అందులో పుట్టే వేడి నాలుగింతలు అవుతుంది. అలా ప్యాడ్ వేడెక్కి, దానికి ఆనుకుని ఉన్న ఫోను వీపును కూడా కాస్తుంది. ఫోను చుట్టకు అందకుండా పక్కకు పోయిన క్షేత్రం ఫోనులోని ఇతర లోహ భాగాల్లో చేరి అక్కడా వేడి పుట్టిస్తుంది.

అందుకే ఫోను ఎంత నెమ్మదిగా ఛార్జ్ అవుతుంటే అంత చల్లగా ఉండాలన్న లెక్క ఇక్కడ చెల్లదు. సరిగా పెట్టని ఫోను నెమ్మదిగా ఎక్కుతూనే ఎక్కువ వేడెక్కుతుంది.

కారణం ఫోను పక్కకు జరగడమా, పౌచా, లోహమా? ఎలా తెలుసుకోవాలి?

ఎప్పుడు ఆగుతోందో గమనించండి. గడియారం ముందు పెట్టుకుని ఒక అరగంట చూస్తే చాలావరకు తేలిపోతుంది.

ఫోను పెట్టిన కొన్ని సెకన్లలోనే ఆగిపోయి, ప్యాడ్ దీపం మిణుకుమిణుకుమంటే లేదా రంగు మారితే ముందు లోహాన్ని అనుమానించండి. ప్యాడ్ పంపిన శక్తికీ, ఫోను అందిందని చెప్పిన శక్తికీ మధ్య తేడా ఎక్కువగా ఉంటే, మధ్యలో ఇంకేదో దాన్ని తినేస్తోందని ప్యాడ్ అనుకుంటుంది. వెంటనే ఆపేస్తుంది.

ఛార్జింగ్ మొదలైనట్టు ఫోను శబ్దం చేసి, వెంటనే ఆగి, మళ్లీ మొదలై, ఇలా నిమిషానికి నాలుగైదుసార్లు జరుగుతుంటే దూరం సమస్య. పౌచ్ మందంగా ఉందని, లేదా ఫోను చుట్ట అంచు మీద ఉందని అర్థం. అందుతున్న శక్తి పట్టు నిలుపుకోవడానికి చాలడం లేదు. ఈ రకంలో ఫోను పెద్దగా వేడెక్కక పోవచ్చు కూడా.

పావుగంటో అరగంటో బాగానే ఎక్కి, ఫోను వేడెక్కాక ఆగి, చల్లబడ్డాక తిరిగి మొదలైతే అది వేడి వల్ల ఆగడం. ఐఫోన్లలో `Charging On Hold` అని కనిపిస్తుంది. ఇతర ఫోన్లలోనూ ఉష్ణోగ్రత పేరెత్తే సందేశమే వస్తుంది. దీనికి వెనక సాధారణంగా ఒకే పెద్ద కారణం ఉండదు. ఫోను కొంచెం పక్కకు జరగడం, పౌచ్ కొంచెం మందం, గది వేడి, ఇవన్నీ కలిసి గీత దాటిస్తాయి. ఒక్కోసారి చిన్న లోహపు ముక్క కూడా ఇలాగే ప్రవర్తిస్తుంది. దాని సంగతి కింద వివరంగా చెబుతాను.

ఈ మూడూ కాకుండా, ఫోను పెట్టగానే ప్యాడ్ దీపం మొత్తంగా ఆరిపోయి, ప్యాడ్ మళ్లీ మొదటి నుంచి వెలిగితే తప్పు అడాప్టర్‌లోనో కేబుల్‌లోనో ఉంది.

ఫోనును మధ్యలోనే పెడుతున్నాను. అయినా ఎందుకు ఆగుతోంది?

ప్యాడ్ మధ్యలో పెట్టడం వేరు, చుట్ట మీద చుట్ట పడేలా పెట్టడం వేరు. ఈ చుట్టలు అడ్డంగా నాలుగైదు సెంటీమీటర్లే ఉంటాయి. వాటికి ఒక సెంటీమీటర్ జరగడం చిన్న విషయం కాదు. పైగా ఫోనులో చుట్ట చాలావరకు నడుమ భాగంలోనే ఉన్నా, కెమెరాల వల్ల కొన్ని ఫోన్లలో కొంచెం కిందకు ఉంటుంది. మడత ఫోన్లలో ఇంకా వేరు.

సరైన చోటును ఇలా కనుక్కోండి. పౌచ్ తీసేసి, ప్యాడ్‌ను పొడిగుడ్డతో తుడవండి. ఫోనును మీరు అనుకున్న మధ్యలో పెట్టి, ఛార్జింగ్ మొదలయ్యాక ఎత్తేయండి. ఇప్పుడు అర సెంటీమీటర్ ఎడమకు పెట్టి అయిదారు సెకన్లు ఆగండి. మొదలైతే మళ్లీ ఎత్తి ఇంకో అర సెంటీమీటర్ ఎడమకు పెట్టండి. ఎక్కడ మొదలుకాలేదో అక్కడ ఫోను అంచు పక్కన పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. కుడివైపూ అలాగే చేసి, ఫోను అదే అంచు పక్కన రెండో గీత గీయండి. ఆ రెండు గీతలకు సరిగ్గా మధ్యలో ఆ అంచు వచ్చేలా ఫోను పెడితే అడ్డంగా సరిపోయినట్టు. అక్కడి నుంచి పైకీ కిందికీ అదే పద్ధతి.

ప్రతిసారీ ఎత్తి పెట్టాలి, జరపకూడదు. ఒకసారి మొదలైన ఛార్జింగ్‌ను అలాగే పట్టుకుని ప్యాడ్ కొంత దూరం వరకు లాక్కొస్తుంది. జరుపుతూ చూస్తే సరిహద్దు అసలు కంటే దూరంగా ఉన్నట్టు కనిపించి మోసపోతారు.

చోటు దొరికాక ఫోను మూల ఎక్కడికి వస్తుందో ఆ మూలకు టేపు ముక్కను ఎల్ ఆకారంలో అంటించుకోండి. చీకట్లో కూడా వేలికి తగులుతుంది. పది రూపాయల టేపు పనికి మా దుకాణానికి రావడం ఆపేసిన వారు చాలామందే ఉన్నారు, అది నాకు సంతోషమే.

రాత్రి సరిగ్గానే పెడతాను, తెల్లారేసరికి పక్కకు జరిగి ఉంటోంది. ఎందుకు?

వైబ్రేషన్ వల్ల. గ్లాసు వీపున్న ఫోను నున్నటి ప్యాడ్ మీద ఉంటే, ప్రతి సందేశానికీ వచ్చే వైబ్రేషన్‌తో కొద్దికొద్దిగా జరుగుతుంది. బల్ల కొంచెం వాలుగా ఉంటే ఇంకా త్వరగా. రాత్రి వైబ్రేషన్ ఆపేయండి, ప్యాడ్ అంచుల్లో చిన్న రబ్బరు చుక్కలు అంటించండి. ఆ చుక్కలు ఫోను కిందకు మాత్రం రాకూడదు. వస్తే అవే దూరం పెంచుతాయి.

కెమెరా ఉబ్బుగా ఉండడం వల్ల కూడా సమస్య వస్తుందా?

వస్తుంది. కెమెరా గుబ్బ ప్యాడ్ అంచు మీద ఆనితే ఫోను ఒకవైపు లేచి, రెండు చుట్టల మధ్య వాలుగా ఖాళీ ఏర్పడుతుంది. ఫోనును ప్యాడ్ మీద పెట్టి పక్క నుంచి వెలుతురుకు ఎదురుగా చూడండి. కింద నుంచి వెలుతురు కనబడితే కెమెరా భాగం ప్యాడ్ బయటకు వచ్చేలా ఫోనును తిప్పి పెట్టండి. తలకిందులుగా పెట్టినా ఛార్జింగ్‌కు ఏమీ తేడా ఉండదు.

నిలబెట్టే స్టాండ్లలో ఇంకో చిక్కు ఉంది. స్టాండ్ చుట్ట ఒక ఎత్తులోనే ఉంటుంది. మీ ఫోను మరీ పొడవైనదో పొట్టిదో అయితే అది ఎప్పటికీ సరిపోదు. ఫోనును అడ్డంగా పడుకోబెట్టి చూడండి. అప్పుడు వేడి తగ్గితే స్టాండ్ మీ ఫోనుకు తగినది కాదని తేలినట్టే.

పౌచ్ ఎంత మందం వరకు ఫరవాలేదు?

3 మిల్లీమీటర్ల లోపు ఉంటే చాలా ప్యాడ్లకు ఇబ్బంది ఉండదు. కొలవడానికి పరికరం అక్కర్లేదు. ఏటీఎం కార్డు మందం ముప్పావు మిల్లీమీటరు. నాలుగు కార్డులు పేర్చితే 3 మిల్లీమీటర్లు. పౌచ్ వీపు మధ్య భాగాన్ని ఆ దొంతర పక్కన పెట్టి చూడండి. అంచులు మందంగా కనిపించినా వీపు పలచగా ఉండే పౌచ్‌లు ఉంటాయి, కాబట్టి చూడాల్సింది వీపునే.

మందమైన పౌచ్ రెండు విధాలుగా చేటు చేస్తుంది. ఒకటి దూరం. రెండోది, ఫోనులో పుట్టిన వేడిని బయటకు పోనివ్వకుండా దుప్పటిలా కప్పడం. రబ్బరు, తోలు, పర్సులా మూసే పౌచ్‌లు ఈ రెండో విషయంలో మరీ ఎక్కువ. కింద పడినా పగలకూడదని కొన్న దిట్టమైన పౌచ్ మీద మనసు ఉంటే, రాత్రి ప్యాడ్ మీద పెట్టేటప్పుడు మాత్రం విప్పేయండి.

పౌచ్‌లో మడిచి పెట్టిన నోట్లు, రసీదులు, దేవుడి పటాలు కూడా మందమే. కాగితం వేడెక్కదు గానీ దూరాన్ని పెంచుతుంది.

లోహం అంటే ఏవేవి? నా పౌచ్ ప్లాస్టిక్‌దే కదా?

ప్లాస్టిక్ పౌచ్‌లోనే లోహం దాక్కుంటుంది. మేము ఎక్కువగా చూసేవి: కారు మాగ్నెట్ స్టాండ్ కోసం అంటించిన ఇనుప రేకు, వేలికి తొడుక్కునే రింగ్ హోల్డర్, మడిచి నిలబెట్టే స్టాండ్‌లోని తీగ, పర్సు పౌచ్ మూతలోని అయస్కాంతం. ఇవి చాలావరకు వీపు నడుమనే ఉంటాయి, అంటే చుట్ట మీదే.

ఇక ప్యాడ్ మీద పడేవి వేరు. నాణెం, తాళంచెవి, పిన్నీసు, తలపిన్ను, పడుకునే ముందు తీసి పెట్టిన చెవిదిద్దు, మందుబిళ్లల రేకు ముక్క. మంచం పక్క బల్ల మీద ప్యాడ్, మాత్రలు, నగలు ఒక్కచోటే ఉండే ఇళ్లలో ఇది తరచుగా జరుగుతుంది.

పౌచ్‌లో రాగిరేకు యంత్రం పెట్టుకునేవారూ ఉన్నారు. దాన్ని తీసేయమని చెప్పడానికి నాకు మొదట్లో మొహమాటంగా ఉండేది. ఇప్పుడు, ఛార్జింగ్ వేళ మాత్రం పూజగదిలో ఉంచి, ఆ తర్వాత మళ్లీ పెట్టుకోమని చెబుతున్నాను. రాగి విద్యుత్తును బాగా ప్రవహింపజేసే లోహం కాబట్టి దాని పలచని రేకు కూడా ప్యాడ్ మీద కాలుతుంది.

కారణం ఇది. మారుతున్న అయస్కాంత క్షేత్రంలో ఏ లోహం ఉన్నా దానిలో నీటి సుడుల్లాంటి కరెంటు తిరుగుతుంది. పాఠ్యపుస్తకాల్లో ఎడ్డీ ప్రవాహాలు అంటారు. ఇండక్షన్ స్టవ్ మీద గిన్నె వేడెక్కేది ప్రధానంగా వీటివల్లే. మీ ప్యాడ్ ఒక చిన్న ఇండక్షన్ స్టవ్, ఆ రేకు దాని మీది గిన్నె.

ప్యాడ్ లోహాన్ని కనిపెట్టి ఆపేస్తుందని అన్నారు. మరి భయమెందుకు?

పెద్ద ముక్కను కనిపెడుతుంది, చిన్నదాన్ని వదిలేయవచ్చు. ప్యాడ్ చేసేది లెక్క మాత్రమే. పంపినదానికీ అందినదానికీ మధ్య కొంత తేడా ఎప్పుడూ ఉంటుంది కాబట్టి, కాస్త తేడాను అది సహించాలి. లేకపోతే మంచి ఫోనునూ ఆపేస్తుంది. ఆ సహించే మేరలోనే ఇమిడిపోయే పిన్నీసునో, మందుబిళ్ల రేకునో అది చూడలేదు. అర వాట్ వేడి వినడానికి తక్కువే. కానీ ఒక గ్రాము బరువు లేని రేకు, ఫోనుకూ ప్యాడ్‌కూ మధ్య గాలి ఆడని చోట ఆ అర వాట్‌ను తీసుకుంటే వేలు కాలేంత వేడెక్కుతుంది. ప్యాడ్ మీద కాలిన గోధుమరంగు మచ్చ కనిపిస్తే జరిగింది ఇదే.

ఫోను సరిగా పెట్టకపోతే ఈ లెక్క ఇంకా దెబ్బతింటుంది. జరిగి ఉన్న ఫోను వల్ల కూడా తేడా పెరుగుతుంది కాబట్టి, లోహం లేకపోయినా ఉందనుకుని ఆపే ప్యాడ్లు ఉంటాయి. దీపం లోహం గుర్తు చూపిస్తోంది, ఎంత వెదికినా ఏమీ లేదు అనేవారు ముందు ఫోనును సరిగ్గా పెట్టి చూడాలి.

ఇంత జాగ్రత్త కూడా లేని ప్యాడ్లు బజారులో ఉన్నాయి. వైర్‌లెస్ ఛార్జింగ్‌కు Qi అని రాసి చీ అని పలికే ప్రమాణం ఒకటి ఉంది. పెట్టె మీద ఆ గుర్తు ముద్రించినంత మాత్రాన పరీక్షలు పాసైనట్టు కాదు. ఆ ప్రమాణాన్ని చూసే వైర్‌లెస్ పవర్ కన్సార్టియం తన వెబ్‌సైటులో ధ్రువీకరించిన ఉత్పత్తుల జాబితా పెడుతుంది. కొనేముందు అందులో మోడల్ పేరు వెదకండి.

ఒక ఉదాహరణ వివరంగా చెబుతారా?

పోయిన మేలో నెల్లిమర్ల నుంచి ఒక ఉపాధ్యాయురాలు వచ్చారు. రాత్రి పదింటికి 30 శాతంతో ప్యాడ్ మీద పెడితే తెల్లారేసరికి ఒకరోజు 100, ఒకరోజు 55. మధ్యరాత్రి లేచి చూస్తే ఫోను కాలుతూ ఉంటుంది. అప్పటికే అడాప్టర్ మార్చారు, ఇంకో ప్యాడ్ కూడా కొన్నారు. రెండింటి మీదా అదే తీరు. రోజుకో రకంగా ఉండడమే నాకు ఆధారమైంది. పాడైన బ్యాటరీ రోజుకో రకంగా ప్రవర్తించదు. రోజూ మారేది ఫోను పెట్టే చోటు.

ఫోనును కంప్యూటర్‌కు కలిపి, ప్యాడ్ మీదకు చేర్చేముందు బ్యాటరీ ఉష్ణోగ్రత చూశాను. ఆండ్రాయిడ్ ఫోన్లలో డెవలపర్ ఆప్షన్లలో యూఎస్‌బీ డీబగ్గింగ్ తెరిచి, కంప్యూటర్‌లో adb అనే ప్రోగ్రాంతో ఈ ఆదేశం ఇస్తే వస్తుంది:

```
adb shell dumpsys battery
```

అందులో `temperature: 340` అని ఉంటే 34.0 డిగ్రీలని అర్థం. కేబుల్ కలిపితే వైరు ద్వారా ఛార్జ్ అవుతుంది కాబట్టి చూసిన వెంటనే తీసేసి, ఫోనును మళ్లీ ప్యాడ్ మీద పెట్టాలి. దుకాణంలో అప్పుడు 33 డిగ్రీలు. ఫోను 34 దగ్గర మొదలైంది.

మొదట ఆవిడ ఇంట్లో పెట్టినట్టే, పౌచ్‌తో, కొంచెం పైకి పెట్టించాను. ఇరవై నిమిషాల్లో 44 డిగ్రీలు దాటి ఛార్జింగ్ ఆగిపోయింది. చల్లబడి మళ్లీ మొదలైంది. మొత్తం నలభై నిమిషాల్లో ఎక్కింది 9 శాతం.

పౌచ్ విప్పి చూస్తే లోపలివైపు, నడుమ కంటే రెండు వేళ్ల కింద, పలచటి ఇనుప రేకు ఉంది. వాళ్లబ్బాయి కారు స్టాండ్ కోసం ఎప్పుడో అంటించాడట. ఆవిడకు ఆ సంగతే తెలియదు. ఫోనును ప్యాడ్ మీద కిందకు పెట్టినరోజు రేకు చుట్టకు దూరంగా ఉండేది, అప్పుడు 100 శాతం. పైకి పెట్టినరోజు రేకు అంచు క్షేత్రంలోకి వచ్చేది. ప్యాడ్ పూర్తిగా ఆపేంత తేడా రాదు, ఫోను వేడెక్కేంత మాత్రం వస్తుంది.

రేకు పీకేసి, ఫోను చల్లబడ్డాక, అదే పౌచ్‌తో అదే చోట పెట్టాం. నలభై నిమిషాలకు 40 డిగ్రీల దగ్గర నిలిచింది, ఆగలేదు. చివరగా పైన చెప్పిన పద్ధతిలో సరైన చోటు కనుక్కుని, పౌచ్ లేకుండా పెడితే 37 డిగ్రీలే. అదే నలభై నిమిషాల్లో 21 శాతం ఎక్కింది. రేకు వల్ల వచ్చిన వేడి నాలుగు డిగ్రీలకు పైనే, చోటూ పౌచ్ వల్ల వచ్చింది మూడు డిగ్రీలు. మే రాత్రి గదిలో ఆ ఏడు డిగ్రీలే ఛార్జింగ్ ఆగడానికి చాలాయి. ఆవిడ కొన్న రెండో ప్యాడ్ ఇప్పుడు బడిలో స్టాఫ్ గదిలో ఉందట.

పౌచ్‌లో ఏటీఎం కార్డు పెట్టుకుంటాను. పరవాలేదా?

తీసేయండి. కార్డులోని చిప్, టచ్ చేసి చెల్లించడానికి ఉండే సన్నని తీగచుట్ట ప్యాడ్ క్షేత్రానికి పాడయ్యే అవకాశం ఉంది. అయస్కాంతమున్న ప్యాడ్లయితే కార్డు వెనకున్న నల్లటి పట్టీకీ చేటే. ఫోను తయారీదారులు కూడా కార్డులను, పాస్‌పోర్టులను మధ్యలో ఉంచవద్దనే చెబుతారు.

80 శాతం దగ్గర ఆగిపోతోంది. ఇదీ అదేనా?

చాలాసార్లు కాదు. ఇప్పటి ఫోన్లలో బ్యాటరీని కాపాడటానికి 80 దగ్గర ఆపే సౌకర్యం ఉంటుంది. బ్యాటరీ సెట్టింగుల్లో చూడండి. ఫోను చల్లగా ఉండి 80 దగ్గర ఆగితే అదే. చేతికి వేడిగా తగులుతూ ఆగితే మాత్రం పైన చెప్పిన కారణాలు వెదకండి. వేడిగా ఉన్న ఐఫోను 80 దాటకుండా తనంతట తానే ఆపుకోవడమూ ఉంది.

ఏ అడాప్టర్ వాడాలి?

ప్యాడ్ అడుగున రాసినదే. అక్కడ 9 వోల్టులు, 2 ఆంపియర్లు అని ఉంటే అంత ఇవ్వగల ఫాస్ట్ ఛార్జర్ కావాలి. పాత ఫోనుతో వచ్చిన 5 వోల్టుల, 1 ఆంపియర్ అడాప్టర్ మొత్తం ఇచ్చేది 5 వాట్లు. దానితో ప్యాడ్ పదేపదే ఆగి మొదలవుతుంది.

మా ఇంట్లో మేలో గది వేడిగానే ఉంటుంది. ఏం చేయాలి?

ఇది మన జిల్లాల అసలు ఇబ్బంది. ఐఫోన్లను 0 నుంచి 35 డిగ్రీల వాతావరణంలో వాడమని దాని తయారీదారు చెబుతుంది. భోగాపురం వైపు తీరంలోనైనా, పార్వతీపురం వైపు లోపలనైనా మే మధ్యాహ్నం ఆ హద్దును దాటేస్తుంది. డాబా ఇంటి పైగది అయితే రాత్రి పదింటికి కూడా గోడలు వేడిగానే ఉంటాయి. వేడి గదిలో మొదలైన ఫోనుకు ఆగే గీతకు ముందున్న అవకాశమే తక్కువ.

ఫ్యాను గాలి తగిలే చోట, చెక్క బల్ల మీద ప్యాడ్ పెట్టండి. పరుపు, దిండు, గుడ్డ మీద వద్దు. తెల్లవారుజామున ఛార్జ్ చేసుకోగలిగితే ఇంకా మేలు, గది అప్పుడే అన్నిటికంటే చల్లగా ఉంటుంది. ప్యాడ్ మీద ఉన్నప్పుడు వీడియో కాల్, ఆట, హాట్‌స్పాట్ వద్దు. అవి పుట్టించే వేడి కూడా ఇదే ఖాతాలో పడుతుంది. అప్పటికీ ఆగుతుంటే ఆ రెండు నెలలూ వైరు వాడండి.

వేడెక్కిన ఫోనును ఫ్రిజ్‌లో పెట్టేవారు ఇప్పటికీ వస్తున్నారు. దయచేసి అలా చేయకండి. మన గాలిలో తేమ ఎక్కువ. ఫ్రిజ్ నుంచి తీసిన చల్లటి ఫోను మీదా, లోపలా నీటి బిందువులు పడతాయి. పౌచ్ తీసి, ఫ్యాను కింద బోర్లించి పది నిమిషాలు వదిలేస్తే చాలు.

అయస్కాంతంతో అతుక్కునే ప్యాడ్ కొంటే ఈ బాధ తీరుతుందా?

చోటు విషయంలో తీరుతుంది. 2023లో వచ్చిన చీ 2 ప్రమాణంలో అయస్కాంతాల వలయం రెండు చుట్టలనూ తనంతట తానే కలుపుతుంది. మీ ఫోను ఆ ప్రమాణానికి చెందినదైతే డబ్బుకు తగిన వస్తువే. కానీ ఫోనులో ఆ అయస్కాంతాలు లేకపోతే, బయట దొరికే వలయం స్టిక్కరును పౌచ్‌కు అంటించి సరిపెట్టుకోవాలనుకునేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. అది అర సెంటీమీటర్ పక్కన అంటిందంటే రోజూ అంతే తప్పుగా పెట్టిస్తుంది. ముందు సరైన చోటును పెన్సిల్ గీతలతో కనుక్కుని, ఆ తర్వాతే అంటించండి. ఆ స్టిక్కరుతో మామూలు ప్యాడ్ మీద పెడితే ఒక్కోసారి అదే లోహపు ముక్కలా లెక్కకు వస్తుంది.

ఇవన్నీ చేశాను, అయినా ఆగుతోంది. దుకాణానికి ఎప్పుడు తేవాలి?

పౌచ్ లేకుండా, సరైన చోట, తగిన అడాప్టర్‌తో, చల్లని గదిలో కూడా ఆగితే, ఇంకొకరి ఫోనును అదే ప్యాడ్ మీద, మీ ఫోనును ఇంకొకరి ప్యాడ్ మీద పెట్టి చూడండి. ఇంకొకరి ఫోను కూడా మీ ప్యాడ్ మీద ఆగితే ప్యాడ్ మార్చండి. దాన్ని విప్పి బాగుచేయించడం లాభం లేని పని. మీ ఫోను ఏ ప్యాడ్ మీదైనా ఆగితే ఫోనును చూపించాలి. వెనక గ్లాసు మార్పించిన ఫోన్లలో చుట్ట సరిగా అతకకపోవడం, లేదా కింద పడిన ఫోనులో చుట్ట తీగ వదులవడం మేము చూస్తుంటాం.

ఒక్క సందర్భంలో మాత్రం పై పరీక్షలేవీ చేయకుండా వెంటనే తెండి. పౌచ్ తీసి, కెమెరా గుబ్బ అంచు బయటకు ఉండేలా ఫోనును గాజు బల్ల మీద పెట్టి మూలలు నొక్కండి. ఫోను నడుమ మీద ఊగుతుంటే, లేదా వెనక మూత అంచు దగ్గర సన్నని సందు కనిపిస్తే బ్యాటరీ ఉబ్బుతోంది. ఉబ్బిన వీపు ప్యాడ్ మీద సరిగా ఆనదు కాబట్టి ఛార్జింగ్ ఆగడంతోనే ఇది మొదట బయటపడుతుంటుంది. అలాంటి ఫోనును ప్యాడ్ మీదా, వైరుతోనూ ఛార్జ్ చేయవద్దు. ఆపేసి, జేబులో కాకుండా చేత్తో పట్టుకుని తీసుకురండి.